2017లో చనిపోయిన రైల్వే పెన్షనర్ బకాయి ఎవరికి చెందుతుంది, తల్లిగారి ఫ్యామిలీ పెన్షన్ సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో పనిచేసి 2002 జూన్ 30న రిటైరయ్యారు. స్కేలు 5000-150-8000, చివరి జీతం 7,100. సర్వీసు 33 ఏళ్లు నిండింది. 2017 మార్చి 20న గుణుపురంలో కాలం చేశారు. అప్పటి నుంచి అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. పాత పెన్షనర్లకు 2017 మే నెలలో ఇంకోసారి పెంచారని, 2016 నుంచి బకాయి ఇచ్చారని నాన్నగారి తోటివాళ్లు అంటున్నారు. ఆ ఆర్డరు వచ్చేనాటికి నాన్నగారు లేరు కదా, ఆ బకాయి మాకు వస్తుందా? వస్తే ఎవరికి? బ్యాంకు నామినేషన్ కాగితంలో అన్నయ్య పేరు ఉంది. అమ్మ పెన్షన్ సరిగ్గా ఉందో లేదో మాకు తెలియడం లేదు.

సమాధానం:

బకాయి వస్తుంది. అయితే అది ఒకే బకాయి కాదు. 2016 జనవరి 1 నుంచి 2017 మార్చి 20 వరకు మీ నాన్నగారు బతికి ఉన్న రోజులకు రావలసింది ఒకటి, 2017 మార్చి 21 నుంచి మీ అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్‌లో రావలసిన తేడా మరొకటి. మీ దగ్గరున్న కాగితం పెన్షన్ బకాయిల నామినేషనే అయితే మొదటిది మీ అన్నయ్యకు, రెండవది ఎలాగైనా మీ అమ్మగారికి చెందుతాయి. ఈ రెండింటినీ కలిపి ఒకే దరఖాస్తులో అడగడం వల్లనే చాలా కుటుంబాల కాగితాలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు తిరుగుతూ ఉండిపోతాయి. నేను పెన్షన్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన తరువాత, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు కుటుంబాల కాగితాలు చూసిపెడుతున్నాను. అందుకే మీ నాన్నగారి అంకెలతోనే లెక్క వేసి చెబుతాను.

7వ వేతన సంఘం సిఫారసుల మీద పనిలో ఉన్నవారి జీతాలు 2016 జనవరి 1 నుంచి సవరించారు. అంతకు ముందు రిటైరైన వారికి పెన్షన్ రెండు విడతలుగా సవరించారు. 2016 ఆగస్టు 4 నాటి ఉత్తర్వు ప్రకారం అప్పటికి వస్తున్న బేసిక్ పెన్షన్‌ను 2.57తో హెచ్చించారు. దీనికి సర్వీసు రికార్డు అవసరం లేదు కనుక బ్యాంకులే తమంతట తాము చేసేశాయి. తరువాత 2017 మే 12న రెండవ ఉత్తర్వు వచ్చింది. రిటైరైన నాటి స్కేలు, చివరి జీతం తీసుకొని, ఆ మనిషి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు భావించి, తరువాత వచ్చిన ప్రతి వేతన సవరణలోనూ జీతాన్ని కాగితం మీద నిర్ణయించుకుంటూ 2016 జనవరి 1 వరకు రావాలి. ఆ జీతంలో సగం పెన్షన్, 30 శాతం ఫ్యామిలీ పెన్షన్. రెండు పద్ధతుల్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. ఈ లెక్కను స్కేలు వారీగా సిద్ధం చేసిన పట్టికలు 2017 జూలై 6న విడుదలయ్యాయి. రైల్వే బోర్డు వీటినే తన పెన్షనర్లకు అమలు చేసింది.

ఇప్పుడు మీ నాన్నగారి లెక్క చూద్దాం. చివరి పది నెలలూ జీతం 7,100 దగ్గరే ఉందనుకుంటే, 33 ఏళ్ల సర్వీసుకు 2002లో పెన్షన్ 3,550. 6వ వేతన సంఘం తరువాత పాత పెన్షనర్లకు జరిగిన సవరణ స్థూలంగా 2.26 రెట్లు కనుక అది 8,023 అయింది. దాన్ని 2.57తో హెచ్చిస్తే 20,620 వస్తుంది. మీ నాన్నగారు 2016 ఆగస్టు ఉత్తర్వు తరువాత కళ్లారా చూసుకున్న పెన్షన్ ఇదే అయివుంటుంది.

రెండవ పద్ధతిలో 7,100ను 2006 జనవరి 1కి తెస్తే, 1.86 రెట్లు చేసి పైపదికి సవరించగా 13,210, దానికి గ్రేడ్ పే 4,200 కలిపితే 17,410. దీన్ని 2.57తో హెచ్చిస్తే 44,744 అవుతుంది. 7వ వేతన సంఘం జీతాల పట్టికలో 5000-8000 స్కేలుకు సరిపడే లెవెల్ 6లో దీనికి పై గడి 44,900. అందులో సగం 22,450. రెండు పద్ధతుల మధ్య తేడా నెలకు 1,830 రూపాయలు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే లెక్క మీద నమ్మకం కుదురుతుంది. 2006లో ఉద్యోగుల జీతానికి గ్రేడ్ పే అనే కొత్త మొత్తం జతపడింది. పాత పెన్షనర్లకు మాత్రం ఉన్న పెన్షన్‌నే 2.26 రెట్లు చేశారు కనుక ఆ గ్రేడ్ పే ప్రయోజనం వారిదాకా పూర్తిగా రాలేదు. 2017 ఉత్తర్వు జీతాన్ని మొదటి నుంచి మళ్లీ నిర్ణయించడం వల్ల ఆ లోటు పూడింది. ఒకే హోదాలో 2002లో, 2012లో రిటైరైన ఇద్దరి మధ్య కనిపించే తేడా చాలావరకు ఇక్కడే పుట్టింది. ఈ ఉత్తర్వు పాతవారికి చేసిన న్యాయం చిన్నది కాదని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్క రిటైరైన నాటి స్కేలు మీద జరుగుతుంది. మీ నాన్నగారు చేసిన పోస్టుకు తరువాతి కాలంలో స్కేలు పెంచినా, ఆ పెంపు ఈ లెక్కలోకి రాదు. తోటివారి పెన్షన్‌తో పోల్చేటప్పుడు ముందు వారి పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, అంటే పీపీఓలో స్కేలు చూడాలి. ఒకే పోస్టు పేరు ఉన్నంత మాత్రాన అంకె ఒకటే కావాలని లేదు.

ఉత్తర్వు వచ్చేనాటికి మీ నాన్నగారు లేరన్నది మీ ప్రధాన సందేహం. ఉత్తర్వు తేదీ మే 12 అయినా, అది అమలయ్యే తేదీ 2016 జనవరి 1. ఆ తేదీ నుంచి ఆయన మరణించిన రోజు వరకు పెరిగిన పెన్షన్ ఆయన సంపాదించుకున్న సొమ్ము. చెల్లించడం ఆలస్యమైంది గాని హక్కు పోలేదు. మరణించిన రోజుకు కూడా పెన్షన్ ఉంటుంది. మరునాటి నుంచి ఫ్యామిలీ పెన్షన్ మొదలవుతుంది.

ఆ మొత్తం ఎంతో చూడండి. 2016 జనవరి నుంచి జూన్ వరకు కరువు భత్యం సున్నా, అందువల్ల ఆరు నెలలకు 10,980. జూలై నుంచి డిసెంబరు వరకు 2 శాతం, తేడా నెలకు 1,866 చొప్పున 11,196. 2017 జనవరి నుంచి 4 శాతం, తేడా నెలకు 1,903. జనవరి, ఫిబ్రవరి నెలలకు 3,806, మార్చిలో 20 రోజులకు సుమారు 1,228. అన్నీ కలిపితే సుమారు 27,210 రూపాయలు. పైసల సవరణ వల్ల పది, ఇరవై రూపాయలు అటూ ఇటూ కావచ్చు.

రిటైరైనప్పుడు పెన్షన్‌లో కొంత భాగం అమ్ముకొని ఒకేసారి డబ్బు తీసుకోవడమే కమ్యుటేషన్. అది ఈ తేడాను తగ్గించదు. చాలామంది 40 శాతం అమ్ముకున్నాం కనుక పెరిగిన దానిలోనూ 40 శాతం కోస్తారని అనుకుంటారు. అలా కాదు. 2002లో 3,550లో 40 శాతం, అంటే 1,420 అమ్ముకొని ఉంటే, పెన్షన్ ఎంత పెరిగినా నెలకు కోసేది ఆ 1,420 మాత్రమే. కరువు భత్యం కూడా కోత పడక ముందరి పూర్తి పెన్షన్ మీదనే లెక్కిస్తారు. ఫ్యామిలీ పెన్షన్ మొదలయ్యాక ఆ కోత అసలు ఉండదు. ఇక గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము, లీవు డబ్బు రిటైరైన నాటికే ముగిసిపోయాయి. పాత పెన్షనర్లకు వాటిలో సవరణ లేదు కనుక దరఖాస్తులో వాటి ప్రస్తావన తేవద్దు.

ఇప్పుడు అన్నయ్య సంగతి. 1871 నాటి పెన్షన్ల చట్టంలో 12ఏ సెక్షన్, దాని కింద 1983లో చేసిన పెన్షన్ బకాయిల నామినేషన్ నియమాలు ఈ విషయాన్ని నడుపుతాయి. నామినేషన్ ఉంటే, పెన్షనర్ బతికి ఉన్న కాలపు బకాయి తీసుకొనే హక్కు మిగతావారిని మినహాయించి నామినీదే. భార్య బతికి ఉన్నా ఇదే నియమం. అయితే మీరు ముందుగా చూడవలసింది ఆ కాగితం నిజంగా పెన్షన్ బకాయిల నామినేషనేనా అన్నది. బ్యాంకు పొదుపు ఖాతాకు ఇచ్చిన నామినేషన్ వేరు, పెన్షన్ బకాయిలకు ఇచ్చిన నామినేషన్ వేరు. మీరు ‘బ్యాంకు నామినేషన్ కాగితం’ అన్నారు కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను. పెన్షన్ బకాయిల నామినేషన్ ‘ఫారం ఎ’లో ఉంటుంది, ఒక ప్రతి పెన్షనర్ దగ్గర, ఒకటి పెన్షన్ చెల్లించే బ్యాంకులో ఉండాలి. అది పొదుపు ఖాతా కాగితమే అయితే, ఈ బకాయి విషయంలో నామినేషన్ లేనట్టే లెక్క. అప్పుడు ఆ 27 వేలు వారసులందరికీ చెందుతాయి. దానికి తహసీల్దారు ఇచ్చే వారసుల ధ్రువపత్రం కావాలి. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసి ఇస్తే మీ అమ్మగారి పేరునే తీసుకోవచ్చు.

రెండవ బకాయికి నామినేషన్‌తో సంబంధమే లేదు. ఫ్యామిలీ పెన్షన్ నియమాల ప్రకారం అర్హత ఉన్న వ్యక్తిది, ఇక్కడ మీ అమ్మగారిది. పాత లెక్కలో ఆమె ఫ్యామిలీ పెన్షన్: 7,100లో 30 శాతం 2,130, దాని మీద 2.26 రెట్లు 4,814, దాని మీద 2.57 రెట్లు 12,372. కొత్త లెక్కలో 44,900లో 30 శాతం, అంటే 13,470. నెలకు తేడా 1,098, దాని మీద కరువు భత్యం అదనం. భర్త మరణించాక ఏడేళ్లు ఎక్కువ రేటు రావాలి కదా అని కొందరు అడుగుతారు. ఆ ఎక్కువ రేటు ఏడేళ్లు గాని, పెన్షనర్‌కు 67 ఏళ్లు నిండే తేదీ వరకు గాని, ఏది ముందైతే అంతవరకే. 60 ఏళ్లకు రిటైరైన మీ నాన్నగారికి 2009లోనే 67 నిండాయి. అందువల్ల మీ అమ్మగారికి మొదటి నుంచీ మామూలు రేటే.

మీ అమ్మగారి పెన్షన్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. బ్యాంకు ఇచ్చే పెన్షన్ స్లిప్పులో బేసిక్ అనే వరస చూడండి. ఖాతాలో పడిన మొత్తం చూసి లాభం లేదు, అందులో కరువు భత్యం, వైద్య భత్యం అన్నీ కలిసి ఉంటాయి. బేసిక్ 12,372 ఉంటే మొదటి విడత సవరణతోనే ఆగిపోయిందని అర్థం. 13,470 ఉంటే రెండవ సవరణ అయింది, ఇక బకాయి ఎప్పుడు పడిందో పాస్‌బుక్కులో వెతకాలి. సవరణ జరగకపోతే నష్టం ఏటేటా పెరుగుతుంది. 2025 జూలై నాటి 58 శాతం కరువు భత్యంతో ఆ 1,098 తేడా నెలకు సుమారు 1,735 రూపాయలు.

ఎందుకు ఆగిపోతుందో కూడా చెబుతాను. రెండవ సవరణ బ్యాంకు చేతిలో లేదు. పెన్షన్ మంజూరు చేసిన కార్యాలయం పాత జీతం చూసి, కొత్త పీపీఓ జారీ చేసి పంపితేనే బ్యాంకు మారుస్తుంది. పెన్షనర్ దరఖాస్తు పెట్టకపోయినా కార్యాలయమే చేయాలన్నది ఉత్తర్వు. కాని మన ప్రాంతంలో పాత రికార్డు దొరకడమే కష్టం. వాల్తేరు డివిజన్ 2003 ఏప్రిల్ 1 వరకు ఆగ్నేయ రైల్వేలో ఉండి, ఆ రోజు నుంచి తూర్పు కోస్తా రైల్వేలోకి వచ్చింది. మీ నాన్నగారు అంతకు ముందే రిటైరయ్యారు కనుక ఆయన పీపీఓ మీద పాత జోన్ పేరు ఉంటుంది. ఫైలు దొరకలేదని ఎవరైనా అంటే మీ చేతిలోని పీపీఓనే ఆధారం. అందులో స్కేలు, చివరి జీతం రెండూ రాసి ఉంటాయి.

రెండేళ్ల క్రితం ఒక పెద్దావిడ తన మనవడితో కలిసి మా ఇంటికి వచ్చింది. చీరల మధ్య దాచిన పీపీఓను పాలిథీన్ కవరులో తెచ్చింది. చెమ్మకు పుటలు అతుక్కుపోయాయి. వాటిని నెమ్మదిగా విడదీస్తే మూడవ పుటలో స్కేలు వరస కనిపించింది. లెక్క వేస్తే ఆమెకు సవరణ కావాలి. తీరా ఆరా తీస్తే కొత్త పీపీఓ ఎప్పుడో జారీ అయింది. కాని ఈలోపు ఆమె పెన్షన్ ఖాతాను ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకోవడం వల్ల, ఆ కాగితం పాత బ్యాంకుకు వెళ్లి అక్కడే ఉండిపోయింది. అందుకే మీరు కార్యాలయాన్ని ‘సవరించండి’ అని అడిగే ముందు ‘సవరించిన పీపీఓ జారీ అయిందా, అయితే ఏ తేదీన, ఏ బ్యాంకుకు పంపారు’ అని అడగాలి. జారీ అయి ఉంటే ఆ నంబరుతో బ్యాంకు పెన్షన్ కేంద్రానికి రాస్తే చాలు, బకాయి అక్కడే లెక్కవేసి వేస్తారు.

పేర్ల విషయంలో మన వాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా అధికారులు ధ్రువపత్రంలో దాన్ని చివరకు తెస్తారు. పీపీఓలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. అప్పలనరసమ్మ వంటి పేరు మూడు కాగితాల్లో మూడు విధాలుగా కనిపిస్తుంది. వారసుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టేటప్పుడే పీపీఓ నకలు జతచేసి, పేరు అందులో ఉన్నట్టే రాయమని కోరండి. పత్రం వచ్చాక సరిదిద్దించడం కంటే అది ఎంతో సులువు. అప్పటికే తేడా వచ్చి ఉంటే, ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ దగ్గర ప్రమాణపత్రం చేయించి జతచేయాలి.

మీ దరఖాస్తులు రెండుగా ఉండాలి. మొదటిది మీ అమ్మగారి సంతకంతో: పీపీఓ నంబరు, స్కేలు, చివరి జీతం, 2017 జూలై పట్టిక ప్రకారం ఫ్యామిలీ పెన్షన్ 13,470 కావాలన్న మాట, ఇప్పటి పెన్షన్ స్లిప్పు నకలు. దీన్ని డివిజన్ పర్సనల్ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఒక ప్రతి బ్యాంకుకు ఇవ్వాలి. రెండవది నామినీ లేదా వారసుల పేరున బ్యాంకుకు: మరణ ధ్రువపత్రం, నామినేషన్ ప్రతి లేదా వారసుల పత్రం, 2016 జనవరి 1 నుంచి 2017 మార్చి 20 వరకు అన్న తేదీలు స్పష్టంగా ఉండాలి. రెండవది మొదటిదాని మీద ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే కొత్త పీపీఓలో 22,450 అన్న అంకె వచ్చేదాకా బ్యాంకు దేని మీద బకాయి లెక్కవేయాలో తెలియదు. కనుక మొదటి దరఖాస్తులో సవరించిన పెన్షన్, సవరించిన ఫ్యామిలీ పెన్షన్ రెండూ కొత్త పీపీఓలో చూపాలని ప్రత్యేకంగా కోరండి. పెన్షనర్ లేరు కదా అని ఫ్యామిలీ పెన్షన్ ఒక్కటే రాసి పంపితే, మీ నాన్నగారి కాలపు బకాయి అక్కడే ఆగిపోతుంది.

మీ ఊళ్లో ఇతరుల మాటలతో మీ విషయం కలపవద్దు. సరిహద్దు ఊళ్లలో పక్కపక్క ఇళ్లలోనే కేంద్ర పెన్షనర్, ఒడిశా పెన్షనర్, ఆంధ్రప్రదేశ్ పెన్షనర్ ఉంటారు. ఎక్కడ నివసిస్తున్నారన్న దానితో సంబంధం లేదు, ఎవరి ఖజానా నుంచి పెన్షన్ వస్తుందో వారి ఉత్తర్వే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2022 సవరణలో కొత్త స్కేళ్లు 2018 జూలై 1 నుంచి కాగితం మీద లెక్కకు వచ్చాయి గాని, డబ్బు ప్రయోజనం 2020 ఏప్రిల్ 1 నుంచే. ఆ రెండు తేదీల మధ్య మరణించిన పెన్షనర్ బతికి ఉన్న రోజులకు అక్కడ బకాయి ఉండదు. మీ విషయంలో లెక్క మొదలయ్యే తేదీ, డబ్బు మొదలయ్యే తేదీ రెండూ 2016 జనవరి 1. అందువల్లనే మీ నాన్నగారి చివరి పదిహేను నెలల బకాయి నిలబడుతుంది. ఆయన 2015 డిసెంబరులోనే పోయి ఉంటే ఆయన పేరున ఏ బకాయీ ఉండేది కాదు, మీ అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ సవరణ మాత్రం 2016 జనవరి 1 నుంచి వచ్చేది.

ఇంకొక్కటి. మీ అమ్మగారికి 80 ఏళ్లు నిండితే బేసిక్ ఫ్యామిలీ పెన్షన్ మీద 20 శాతం అదనం వస్తుంది, 85కి అది 30 శాతం అవుతుంది. పాత పీపీఓల్లో భార్య పుట్టిన తేదీ గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది. అది లేకపోతే బ్యాంకు కంప్యూటర్ ఆ అదనాన్ని లెక్కించదు. కొత్త పీపీఓ కోసం రాసే దరఖాస్తులోనే ఆమె పుట్టిన తేదీ ఆధారం జతచేసి, దాన్ని కూడా అందులో నమోదు చేయమని అడగండి. లేకపోతే ఆ ఒక్క తేదీ కోసం మళ్లీ మొదటి నుంచి తిరగవలసి వస్తుంది.